గుడి విరాళాల పేజీ: రసీదు నుంచి లెక్క దాకా

"నమస్తే అండీ. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. మా రామాలయం గోపురం పనికి ట్రస్టు రిజిస్టర్ చేయించాం, ట్రస్టు పేరున పాన్ కూడా వచ్చింది. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు ఆన్‌లైన్లో పంపుతామంటున్నారు. ప్రస్తుతానికి అందరూ మా కోశాధికారి గారి ఫోన్ నంబరుకే పంపుతున్నారు. వెనక మండపం కట్టినప్పుడు లెక్క చెప్పలేదని ఊళ్లో ఇప్పటికీ గొణుగుడు ఉంది. ఈసారి అలా కాకూడదు. పేజీ పెట్టి, రసీదులిచ్చి, లెక్కలు అందరికీ కనిపించేలా చేయాలంటే ఎలా? ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వచ్చే 80జి ఉందని రాసుకోవచ్చా?"
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

ముందు ఆ ఫోన్ నంబరుకు డబ్బు రావడం ఆపేయించండి. కోశాధికారి గారు ఎంత మంచివారైనా సరే. ఆ ఖాతాలోకి ఆయన జీతమో పంట డబ్బో వస్తుంది, ఇంటి కరెంటు బిల్లు అందులోంచే పోతుంది. వాటి మధ్య గుడి డబ్బు ఏది అని రేపు ఎవరైనా అడిగితే, తన సొంత ఖాతా మొత్తం ఊరికి చూపించాల్సిన పరిస్థితి ఆయనకు వస్తుంది. ఆదాయపన్ను వాళ్లు అడిగినా అది ఆయన ఆదాయం కాదని ఆయనే నిరూపించుకోవాలి. ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని, ఎవరెవరు ఎప్పుడు ఎంత పంపారో జాబితాతో సహా, ట్రస్టు ఖాతాకు ఒకేసారి బదిలీ చేయించండి. ఆ జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ ట్రస్టు రసీదు ఇవ్వండి. మీ కొత్త లెక్కలో మొదటి రసీదులు అవే అవుతాయి.

ట్రస్టు పాన్‌తో, ట్రస్టు పేరున బ్యాంకు ఖాతా తెరవండి. డబ్బు బయటికి వెళ్లేది ఇద్దరి సంతకాలున్న చెక్కుతోనే అని ట్రస్టు తీర్మానంలో రాసి బ్యాంకుకు ఇవ్వండి. లోపలికి రావడానికి అదే ఖాతా మీద బ్యాంకు నుంచి సంస్థల క్యూఆర్ తీసుకోండి. వ్యక్తులకిచ్చే క్యూఆర్ వేరు, అది వద్దు. ఇక్కడే ఇంకో విషయం చూసుకోండి. మీ రామాలయం దేవాదాయ శాఖ రిజిస్టరులో ఉందా? 1987 దేవాదాయ చట్టం రిజిస్టరులో ఉన్నా లేకున్నా ప్రజల గుళ్లన్నిటికీ వర్తిస్తుంది. రిజిస్టరులో ఉంటే శాఖ అజమాయిషీ ఉంటుంది. అప్పుడు మీ ట్రస్టు వేరు, గుడి వేరు. గుడి పేరు చెప్పి వసూలు చేసే ముందు, గోపురం పని మొదలుపెట్టే ముందు ఈవో గారి ద్వారా శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ అనుమతి నంబరు, తేదీ పేజీలో వేయండి. డబ్బు పోగైన తర్వాత ఈ ప్రశ్న వస్తే పని ఆగుతుంది, ఇచ్చినవాళ్లకు జవాబు చెప్పలేక మీరు ఇబ్బంది పడతారు.

ఇక పేజీ. మొదట్లోనే కార్డు చెల్లింపులు కూడా తీసుకునే పేమెంట్ గేట్‌వే జోలికి వెళ్లొద్దని నా అభిప్రాయం. పల్లెటూరి గుడికి వచ్చే విరాళాల్లో ఎక్కువ 116, 516, 1,116 రూపాయలే ఉంటాయి. అవన్నీ యూపీఐలో వస్తాయి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో వచ్చే డబ్బుకు బ్యాంకు కోత ఉండదు. కార్డుల మీద వచ్చేదానికి గేట్‌వే సుమారు రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. పైగా గేట్‌వే వాళ్లు ట్రస్టు డీడు, పాన్, ఖాతా రుజువు, పేజీలో నిబంధనలు, వాపసు విధానం, సంప్రదించే వివరాలు అన్నీ చూశాకే అనుమతిస్తారు. కార్డుతో ఇచ్చేవాళ్లు నిజంగా ఎక్కువమంది ఉన్నారని తేలాక పెట్టుకోవచ్చు. మొదలుపెట్టడానికి క్యూఆర్, ఒక చిన్న ఫారం చాలు. ఫోన్లో పేజీ చూసేవాళ్లు తమ ఫోన్‌నే స్కాన్ చేసుకోలేరు కాబట్టి, నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకునేలా ఒక లింకు కూడా ఉండాలి. అది ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=TRUST_UPI_ID&pn=TRUST_NAME&tn=GOPURAM&cu=INR
```

`pa` దగ్గర బ్యాంకు ఇచ్చిన యూపీఐ ఐడీ, `pn` దగ్గర ట్రస్టు పేరు పెట్టాలి. పేరులో ఖాళీ వస్తే అక్కడ `%20` అని రాయాలి. మొత్తం ఎంతో మనం రాయకపోతే ఇచ్చేవాళ్లే వేసుకుంటారు. `tn` దగ్గర రాసింది బ్యాంకు స్టేట్‌మెంటులో పూర్తిగా కనిపిస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఏ పని కోసం ఇచ్చారన్నది ఫారంలోనే అడగాలి. క్యూఆర్ కింద ఒక వాక్యం తప్పకుండా రాయండి: "స్కాన్ చేశాక మీ ఫోన్లో ఈ పేరే కనిపించాలి, వేరే పేరు వస్తే పంపకండి." ఆ పేరు బ్యాంకులో ఉన్నది ఉన్నట్టు వేయండి. గుళ్లలో హుండీ పక్కన అంటించిన క్యూఆర్ మీద ఇంకెవరిదో అంటించి డబ్బు మళ్లించే మోసం ఉంది. అందుకని గుడిలో ఉన్న స్టిక్కరును, పేజీలో ఉన్నదాన్ని వారానికోసారి ఎవరో ఒకరు రూపాయి పంపి చూడాలి.

ఫారంలో పేరు, ఫోన్, ఊరు, ఎంత, ఏ పనికి, యూపీఐ లావాదేవీ నంబరు అడగండి. ఇది 12 అంకెలుంటుంది, యూటీఆర్ అంటారు, ప్రతి యాప్‌లోనూ చెల్లింపు వివరాల్లో కనిపిస్తుంది. గోత్రం, నక్షత్రం కూడా అడగండి, కానీ తప్పనిసరి చేయొద్దు. చాలామందికి వాళ్ల పేరున అర్చన జరగడమే ముఖ్యం, ఆ వివరాలు పూజారి గారికి అందాలి. పేరు బయటపెట్టొద్దనుకునేవాళ్లకు ఒక గడి పెట్టండి. వాళ్లు పేజీలో గుప్తదాతగా ఉంటారు, మీ రిజిస్టరులో మాత్రం అసలు పేరే ఉండాలి.

రసీదు సంగతి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే మీ లెక్కంతా దీని మీదే నిలబడుతుంది. చాలా చోట్ల దాత స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపగానే కమిటీవాళ్లు రసీదు రాసేస్తారు. స్క్రీన్‌షాట్ రుజువు కాదు. దాన్ని మార్చడం తేలిక, మార్చకపోయినా చెల్లింపు మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ యూటీఆర్, ఆ మొత్తం కనిపించాకే రసీదు పుట్టాలి. కాబట్టి రోజూ సాయంత్రం ఒకరు స్టేట్‌మెంటు తీసుకుని ఫారాలతో సరిచూడాలి. "మరుసటి పనిరోజు సాయంత్రానికి రసీదు వస్తుంది" అని పేజీలో రాస్తే ఎవరూ తొందరపడరు. ఫారం నింపకుండా డబ్బు పంపేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల మొత్తానికి కూడా ఒక రసీదు నంబరు కేటాయించి, పేరు దగ్గర "వివరాలు రావాలి" అని పేజీలో పెట్టండి. చూసుకుని వాళ్లే ఫోన్ చేస్తారు.

రసీదు నంబర్లు వరుస తప్పకుండా నడవాలి. ఊళ్లో కాగితం రసీదు పుస్తకం ఎలాగూ ఉంటుంది కాబట్టి పుస్తకానికి ఒక వరుస, ఆన్‌లైనుకు ఒక వరుస పెట్టుకుని, ముందు వేర్వేరు అక్షరాలు రాయండి. ఆర్థిక సంవత్సరం మొదట్లో ఒకటి నుంచి మొదలవ్వాలి. మధ్యలో నంబరు ఎగరకూడదు. తప్పు రాసిన రసీదును చింపేయకుండా అడ్డంగా "రద్దు" అని రాసి ఉంచండి. పేజీలో కూడా ఆ నంబరు ఎదురుగా "రద్దు" అని కనిపించాలి. ఎన్ని రసీదు పుస్తకాలు అచ్చు వేయించారు, ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉంది, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అన్నది కూడా పేజీలో పెట్టమని నా సలహా. ఊళ్లలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఆన్‌లైన్ డబ్బు మీద కాదు, తిరిగి రాని రసీదు పుస్తకం మీద.

రసీదు మీద ట్రస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ట్రస్టు పాన్, తేదీ, దాత పేరు, ఊరు, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఎలా వచ్చింది, యూటీఆర్ లేదా చెక్కు నంబరు, ఏ పనికి అన్నవి ఉంటే చాలు. పనులు రెండు మూడుకు మించనివ్వకండి: గోపురం, అన్నదానం, నిత్య పూజ. గోపురానికి ఇచ్చింది అన్నదానానికి వాడకూడదు. గోపురం పూర్తయ్యాక మిగిలితే ఏం చేస్తారో ఇప్పుడే తీర్మానం చేసి పేజీలో రాయండి. కొందరు "అసలు ముట్టుకోకండి, వడ్డీతో దీపారాధన చేయండి" అని ఇస్తారు. అది శాశ్వత నిధి. ఆ మాట దాత రాసి ఇవ్వాలి, రసీదు మీద ఉండాలి, డబ్బు వేరే డిపాజిట్‌గా ఉండాలి.

ఇప్పుడు 80జి. మీ డీడులో రాముడి గుడి అభివృద్ధి ఒక్కటే ఉద్దేశమైతే మీకు 80జి అనుమతి రాదు. అది దానధర్మ సంస్థలకు. అలాంటి సంస్థ మతపరమైన పనులకు ఏడాది ఆదాయంలో 5 శాతానికి మించి ఖర్చు పెడితే 80జి నిలవదు. చారిత్రకంగానో కళాపరంగానో ముఖ్యమైనవని, లేదా రాష్ట్రమంతటా పేరున్న ఆలయాలని కేంద్రం నోటిఫై చేసిన గుళ్ల మరమ్మతులకు ఇచ్చేదానికి వేరే అవకాశం ఉంది, ఊరి గుడికి అది వర్తించదు. కాబట్టి పేజీలో పెద్ద అక్షరాలతో "ఈ విరాళానికి 80జి పన్ను మినహాయింపు లేదు" అని రాయండి. అలా రాస్తే విరాళాలు తగ్గుతాయని కమిటీలో ఎవరో అంటారు. రాయకపోతే దాత మినహాయింపు వేసుకుని, తర్వాత నోటీసు వచ్చి మిమ్మల్నే అడుగుతాడు. గోపురానికి 1,116 ఇచ్చేవాళ్లు పన్ను చూసి ఇవ్వరు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జి ఉన్నా ఎలాగూ ఉపయోగం లేదు. మీ ట్రస్టు ఆదాయానికి పన్ను పడకుండా ఉండే రిజిస్ట్రేషన్ వేరు, 12ఏబీ అనేవారు. అది మతపరమైన ట్రస్టుకూ వస్తుంది, దానికి దరఖాస్తు చేయండి.

ఇది చదువుతున్న వేరే పాఠకులు, బడో వైద్య శిబిరాలో నడుపుతూ 80జి ఉన్నవారైతే ఒకటి గుర్తుంచుకోవాలి. మీ రసీదు ఒక్కటే దాతకు సరిపోదు. ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలు 10బీడీ ఫారంలో మే 31 లోగా దాఖలు చేసి, దాన్నుంచి వచ్చే 10బీఈ సర్టిఫికెట్ దాతకు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుం. 2,000 రూపాయలు దాటిన నగదుకు దాతకు మినహాయింపు లేదు. ఇవన్నీ 1961 చట్టం ప్రకారం వాడుకలో ఉన్న పేర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపన్ను చట్టం వచ్చింది, సెక్షన్లు, ఫారాల నంబర్లు మారాయి. రసీదు అచ్చు వేయించే ముందు దాని మీద ఏ నంబరు వేయాలో ఆడిటర్ని అడగండి.

అమెరికా డబ్బు గురించి గట్టిగా చెప్పాలి. ఇక్కడ చూడాల్సింది డాలరా రూపాయా అన్నది కాదు, ఇచ్చేవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నది. భారత పాస్‌పోర్టు ఉండి అక్కడ హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లు, తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇస్తే అది విదేశీ విరాళమే. సంక్రాంతికి ఊరికొచ్చి రూపాయల్లో చేతికిచ్చినా అంతే. దాన్ని తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. మీకు ఇప్పుడు అది లేదు. అందుకని ఫారంలో "మీరు భారత పౌరులేనా?" అన్న ప్రశ్న తప్పనిసరి చేయండి. కాదంటే క్యూఆర్, ఖాతా నంబరు అసలు కనిపించకుండా, "ప్రస్తుతం మీ విరాళం తీసుకునే అనుమతి మాకు లేదు" అన్న మాట రావాలి. విదేశాల నుంచి పంపే భారతీయుల పాస్‌పోర్టు నకలు తీసుకుని దాచండి. "మా తమ్ముడి ఖాతాకు వేస్తాను, వాడు మీకు ఇస్తాడు" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మంచి మనసుతో అన్నమాటే అయినా, రేపు దర్యాప్తు వస్తే ఇబ్బంది పడేది ఆ తమ్ముడు, మీ ట్రస్టు సభ్యులు.

ఇక అందరికీ కనిపించే లెక్క. "ఇప్పటిదాకా ఇంత వచ్చింది" అని ఒక పెద్ద అంకె వేసి వదిలేస్తే అది ప్రకటన అవుతుంది, లెక్క కాదు. చూసేవాళ్లు తమ రసీదు నంబరు పట్టుకుని నెల జమలోకి, నెల జమ పట్టుకుని బ్యాంకు నిల్వలోకి వెళ్లగలగాలి. ఒక నెల లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవే. గేట్‌వే కూడా ఉందనుకుందాం.

నెల మొదట్లో ఖాతాలో ఉన్నది 1,42,300. యూపీఐలో వచ్చింది 88,616. కార్డుల మీద ఇచ్చింది 20,000. హుండీ లెక్కించి బ్యాంకులో వేసింది 11,450. మొత్తం జమ 1,20,066. శిల్పికి అడ్వాన్సు 60,000, సిమెంటుకు చెక్కు 18,400, గేట్‌వే కోత 472. మొత్తం ఖర్చు 78,872. కాబట్టి పుస్తకం ప్రకారం నెలాఖరు నిల్వ 1,83,494.

కానీ అదే రోజు బ్యాంకు స్టేట్‌మెంటులో 1,97,012 ఉంది. చూసినవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది. తేడా రెండు కారణాల వల్ల. సిమెంటు కొట్టు ఆయన చెక్కు ఇంకా బ్యాంకులో వేయలేదు, ఆ 18,400 తీసేయాలి. 30వ తేదీన ఒకరు కార్డుతో 5,000 ఇచ్చారు, గేట్‌వే దాన్ని రెండు రోజుల తర్వాత వేస్తుంది, అదీ 100 రూపాయల కోత, 18 రూపాయల జీఎస్టీ పోగా 4,882. దాన్ని కలపాలి. 1,97,012లో 18,400 తీసి 4,882 కలిపితే 1,83,494 వస్తుంది. ఈ నాలుగు వరుసలు ప్రతి నెలా పేజీలో ఉండాలి. నిల్వ కలవడం కన్నా, ఎందుకు కలవలేదో చెప్పడమే చూసేవాళ్ల అనుమానం తీరుస్తుంది. ఆ 5,000 ఇచ్చినాయనకు రసీదు 5,000కే ఇవ్వాలి, 4,882కు కాదు. కోత ట్రస్టు ఖర్చు. మొత్తం 20,000 మీద అలా పోయిందే ఆ 472.

ఖర్చు వైపు ప్రతి పద్దుకూ ఓచరు నంబరు, తేదీ, ఎవరికి, ఎందుకు అని వేసి బిల్లు ఫొటో పెట్టండి. సిమెంటు, ఇసుక, కూలి కలిపి ఒకే పద్దుగా "నిర్మాణ ఖర్చు" అని రాయొద్దు. మేస్త్రికీ కూలీలకూ నగదు ఇవ్వక తప్పదు. వాళ్లకు బిల్లు ఉండదు కాబట్టి ఓచరు మీద సంతకమో వేలిముద్రో తీసుకుని, అక్కడున్న ఇంకొకరితో సాక్షి సంతకం చేయించండి. హుండీకి కూడా అదే పద్ధతి. కమిటీ కానివాళ్లు ఇద్దరు ముగ్గురి ఎదుట తెరిచి, అక్కడే కాగితం రాసి సంతకాలు పెట్టించి, ఆ కాగితం ఫొటో పేజీలో పెట్టండి. హుండీ డబ్బు ముందు బ్యాంకులోకి వెళ్లాలి, ఖర్చు తర్వాత. హుండీలోంచే నేరుగా మేస్త్రికి ఇచ్చేస్తే ఆ రెండు పద్దులూ ఎవరూ సరిచూడలేరు.

ఏవి బయట పెట్టకూడదో అదీ ముఖ్యం. దాతల జాబితాలో రసీదు నంబరు, తేదీ, ఒప్పుకుంటే పేరు, ఊరు, మొత్తం, పని మాత్రమే ఉండాలి. ఫోన్, పాన్, గోత్రం, యూటీఆర్ ఉండకూడదు. మీరు గూగుల్ షీటులో రిజిస్టరు నడిపితే అదే షీటును అందరికీ తెరవకండి. నిలువు వరుసలు దాచిపెట్టినా నకలు తీసుకున్నవాళ్లు వాటిని బయటికి తీయగలరు. బయటికి పెట్టాల్సిన వివరాలతో వేరే షీటు చేసి, చూడటానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టేటప్పుడు కూడా దాతల పేర్లు, ఖాతా అంకెలు కప్పేయాలి.

వెనకటి మండపం లెక్కను ఇందులో కలపకండి. దానికి విడిగా ఒక భాగం పెట్టి, దొరికిన రసీదు కౌంటర్‌ఫాయిళ్లు, బిల్లులు ఎంతవరకున్నాయో అంతవరకు వేసి, దొరకనివి దొరకలేదని రాయండి. మిగిలిన డబ్బు ఎవరి దగ్గరైనా ఉంటే, అది ట్రస్టు ఖాతాలోకి వచ్చిన రోజున రసీదు నంబరుతో జమ చేయండి. అప్పటి కమిటీ పెద్దలు ఉన్నారు కదా, పేజీలో పెట్టే ముందు ఆ కాగితం వాళ్లకు చూపించి, వాళ్లు చెప్పేది కూడా పక్కన రాయండి.

లెక్క మీద ఎవరికైనా అనుమానం వస్తే రాయడానికి ఒక ఫోన్ నంబరు, ఆ నంబరు చూసే మనిషి పేరు పేజీలో ఉండాలి. ఆ మనిషి కోశాధికారి కాకూడదు. "నా డబ్బు కనిపించడం లేదు" అని ఎవరైనా అంటే వాళ్ల యూటీఆర్ తీసుకుని స్టేట్‌మెంటులో వెతకండి. ఉండి రసీదు రాయకపోతే అదే రోజు రాయండి. లేకపోతే ఆ తేదీ స్టేట్‌మెంటులో ఆ లావాదేవీ లేదని రాతపూర్వకంగా చెప్పి, వాళ్ల బ్యాంకులో అడగమనండి. అడిగిన ప్రశ్న, ఇచ్చిన జవాబు, తేదీ ఒక రిజిస్టరులో ఎక్కించి, ఏడాది చివర ఆడిట్ అయిన జమాఖర్చుతో పాటు దాన్ని కూడా ఊరి సభలో చదవండి. రసీదు పుస్తకాలు, ఓచర్లు, స్టేట్‌మెంట్లు పదేళ్లు దాచాలి. గోపురం పూర్తయింది కదా అని పేజీ తీసేయకండి.